గోధుమ మానేస్తే వేగం పెరుగుతుందా?

2010 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్. ఫ్రాన్స్ ఆటగాడు సోంగాపై రెండు సెట్లు గెలిచి ఆధిక్యంలో ఉన్న నొవాక్ జొకోవిచ్‌కి ఉన్నట్టుండి కడుపు తిప్పింది, ఒళ్లు సహకరించలేదు. చివరి రెండు సెట్లూ పోగొట్టుకుని మ్యాచ్ ఓడిపోయాడు. ఆ తర్వాత ఇగోర్ చెటోయెవిచ్ అనే వైద్యుడు అతణ్ని కలిసి, ఒక చేత్తో రొట్టె ముక్కను పొట్టకు ఆనించుకోమన్నాడు. రెండో చేతిని చాపమని, దాన్ని కిందికి నొక్కి చూశాడు. రొట్టె ఆనించుకున్నప్పుడు చెయ్యి బలహీనంగా ఉందని తేల్చాడు. జొకోవిచ్ గోధుమ మానేశాడు. 2011లో మూడు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2013లో ఈ ఆహార నియమాల మీదే పుస్తకం రాశాడు.

ఆ పుస్తకం తర్వాత గ్లూటెన్ మానడం ఆటగాళ్లలో పెద్ద ఒరవడిగా మారింది. కానీ జొకోవిచ్ మానింది గోధుమ ఒక్కటే కాదు. పాల పదార్థాలు, చక్కెర కూడా తగ్గించాడు. మూడు నాలుగు మార్పులు ఒకేసారి చేసినప్పుడు ఏది పనిచేసిందో ఆయనకే కాదు, ఎవరికీ తెలియదు. పొట్టకు రొట్టె ఆనించి చెయ్యి నొక్కి చూడటాన్ని ఏ వైద్యశాస్త్రమూ పరీక్షగా గుర్తించదు.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్లు. చపాతీ పిండి సాగేది, పల్చగా ఒత్తితే చిరగకుండా ఉండేది వాటి వల్లే. జొన్న పిండిలో అవి లేవు కాబట్టే జొన్న రొట్టెను వేడినీళ్లతో పిండి కలిపి చేత్తో తడుతూ చెయ్యాల్సి వస్తుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో ఈ ప్రొటీన్లకు శరీర రక్షణ వ్యవస్థ ఎదురుతిరిగి, చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. వాళ్లు జీవితాంతం గ్లూటెన్ మానాల్సిందే, మరో మార్గం లేదు. ఆ వ్యాధి లేని ఆటగాడు మానితే వేగం పెరుగుతుందా అనేదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు సూటిగా జవాబు వెతికినవారు ఆస్ట్రేలియాలోని టాస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన డానా లిస్. ముందుగా ఆమె, సహ పరిశోధకులు సీలియాక్ లేని 910 మంది క్రీడాకారులను ప్రశ్నించారు. వాళ్లలో 41 శాతం మంది సగం సమయమో అంతకంటే ఎక్కువో గ్లూటెన్ లేని తిండి తింటున్నారు. అందులో ఎక్కువమంది గ్లూటెన్ పడదని తమకు తామే నిర్ణయించుకున్నవారు.

ఆ తర్వాత అసలు పరీక్ష పెట్టారు. పోటీల్లో పాల్గొనే 13 మంది సైక్లిస్టులను తీసుకున్నారు. వాళ్లకు సీలియాక్ లేదు, పేగు సంబంధమైన ఇతర జబ్బూ లేదు. ఒక్కొక్కరికీ రెండు విడతలు, విడతకు ఏడేసి రోజులు, మధ్యలో పది రోజుల విరామం. రెండు విడతల్లోనూ అందరూ గ్లూటెన్ లేని భోజనమే తిన్నారు. తేడా అంతా రోజూ అదనంగా ఇచ్చిన బార్లలో ఉంది. ఒక విడతలో ఆ బార్లలో రోజుకు 16 గ్రాముల గోధుమ గ్లూటెన్ కలిపారు, మరో విడతలో కలపలేదు. ఏ వారం ఏది తింటున్నారో తిన్నవారికీ, పరీక్షించేవారికీ తెలియదు. మన లెక్కలో చెప్పుకుంటే, 16 గ్రాముల గ్లూటెన్ సుమారు ఆరేడు చపాతీలలో ఉంటుంది. కాబట్టి అది చిన్న మోతాదు కాదు.

వారం చివర ప్రతి ఒక్కరూ 45 నిమిషాలు ఒకే స్థాయిలో గట్టిగా సైకిల్ తొక్కి, వెంటనే 15 నిమిషాల్లో ఎంత శక్తి చూపగలరో అంత చూపాలి. గ్లూటెన్ లేని వారంలో సగటున 245.4 కిలోజౌళ్ల పని చేశారు. గ్లూటెన్ తిన్న వారంలో 245.0. అంటే తేడా లేదు. కడుపు ఉబ్బరం, నొప్పి వంటి ఇబ్బందుల్లోనూ, రక్తంలో పేగు దెబ్బతిన్నదని చెప్పే గుర్తులోనూ, వాపు సూచికల్లోనూ, మనసుకు హాయిగా అనిపించడంలోనూ తేడా కనబడలేదు.

ఈ పరిశోధనకు పరిమితులున్నాయి. మనుషులు 13 మంది, కాలం వారం. నెలల తరబడి మానితే ఏమవుతుందో ఇది చెప్పదు. అయినా తిన్నవారికి తాము ఏం తింటున్నారో తెలియకుండా చేయడం వల్ల నమ్మకం ప్రభావాన్ని పక్కన పెట్టగలిగింది. ఆటలో నమ్మకం బలం తక్కువేమీ కాదు. ఇది నాకు మేలు చేస్తోందని అనుకున్న ఆటగాడు కాస్త ఎక్కువ కష్టపడతాడు, నొప్పిని కాస్త తక్కువగా లెక్కిస్తాడు.

మరి గోధుమ మానేశాక నిజంగానే కడుపు తేలికైందని చెప్పేవారి మాటేమిటి? వాళ్లు కల్పించి చెప్పడం లేదు. దూరం పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలకూ చర్మానికీ మళ్లుతుంది, పేగుకు తగ్గుతుంది. అందుకే పోటీ మధ్యలో ఉబ్బరం, తిమ్మిరి పట్టినట్టు నొప్పి, విరేచనం ఇంత సాధారణం. అప్పటికి పేగులో జీర్ణం కాక మిగిలిన పదార్థం ఎక్కువుంటే బాధ పెరుగుతుంది. గోధుమలో అలా మిగిలేది ఎక్కువగా ఫ్రక్టాన్ అనే పిండి పదార్థం. మనిషి పేగు దాన్ని విడగొట్టలేదు. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది.

నార్వేలో 2018లో అచ్చవివరాలు వెలువడిన ఒక పరిశోధన ఈ విషయం తేల్చింది. గ్లూటెన్ పడదని తమకు తామే అనుకున్న, సీలియాక్ లేని 59 మందికి వారానికి ఒక రకం చొప్పున మూడు రకాల బార్లు ఇచ్చారు. ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో ఫ్రక్టాన్, మూడోదానిలో రెండూ లేవు. ఎక్కువ బాధ కలిగించింది ఫ్రక్టాన్ బారు. గ్లూటెన్ బారుకూ, ఏమీ లేని బారుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఫ్రక్టాన్ ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉంటుంది. మన ఇళ్లలో రాత్రి చపాతీ మానేసినవాళ్లు దానితో వచ్చే ఉల్లిపాయ కుర్మాను కూడా మానేస్తారు. కడుపు హాయిగా ఉంటుంది, పేరు మాత్రం గ్లూటెన్‌కు దక్కుతుంది. పరుగెత్తేవారికి ఇక్కడ ఉపయోగపడే సంగతి ఒకటుంది. డానా లిస్ బృందమే 11 మంది రన్నర్లకు ఆరు రోజుల పాటు ఫ్రక్టాన్ వంటి పులిసే పిండి పదార్థాలు తగ్గించి చూస్తే, కడుపు బాధలు తగ్గాయి. కాబట్టి పోటీకి ముందు రెండు మూడు రోజులు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు తగ్గించుకుంటే చాలామందికి సరిపోవచ్చు. ఏడాదంతా గోధుమకు దూరంగా ఉండనక్కర్లేదు.

ఏడాదంతా దూరమైతే పోయేదేమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్‌లో మారథాన్‌కు సిద్ధమవుతున్న ఒక యువతి రాత్రిపూట అయిదు చపాతీలు తింటుందనుకోండి, అంటే దాదాపు 150 గ్రాముల గోధుమ పిండి. జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం అందులో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము, 17 గ్రాముల పీచు ఉంటాయి. ఆమె గ్లూటెన్ మానాలని చపాతీ బదులు అంతే బరువు తెల్ల బియ్యం వండుకుంటే ఇనుము 1 మిల్లీగ్రాముకు, పీచు 4 గ్రాములకు పడిపోతాయి. పిండి పదార్థాన్ని శక్తిగా మార్చేందుకు కావలసిన బి1 విటమిన్ ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అదే 150 గ్రాముల జొన్న పిండితో రొట్టెలు చేసుకుంటే ఇనుము మళ్లీ 6 మిల్లీగ్రాములకు దగ్గరగా, పీచు 15 గ్రాములకు చేరతాయి. బి1 మాత్రం గోధుమలో కన్నా కొంత తక్కువ. రాగి పిండిలో ఇనుముతో పాటు కాల్షియం కూడా పుష్కలం.

గింజల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదన్నది నిజమే. గోధుమ అయినా జొన్న అయినా అందులో కొద్ది భాగమే పేగు లోనికి తీసుకుంటుంది. భోజనంతో నిమ్మకాయ పిండుకుంటే అది పెరుగుతుంది, భోజనం అయిన వెంటనే టీ తాగితే తగ్గుతుంది. అయినా రోజూ అయిదు మిల్లీగ్రాముల లోటంటే, రోజుకు 29 మిల్లీగ్రాములు అవసరమని ఐసీఎంఆర్ చెప్పే మహిళలకు అది చిన్న లోటు కాదు. పైగా కఠిన వ్యాయామం తర్వాత కొన్ని గంటలు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, తిన్న ఇనుము పేగు నుంచి రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది. లోటు మొదట ఫెరిటిన్‌లో కనబడుతుంది. హిమోగ్లోబిన్ ఇంకా సరిగానే ఉన్నప్పుడు ఫెరిటిన్ తగ్గి, అదే వేగానికి ఆయాసం ఎక్కువవుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. వేగం పెరుగుతుందని మానేసిన తిండి వల్లే ఆ వేగం తగ్గిపోవచ్చు.

సూపర్‌మార్కెట్లలో గ్లూటెన్ లేదని ముద్ర వేసి అమ్మే బ్రెడ్లు, బిస్కెట్లు ఈ లోటు తీర్చవు. వాటిలో చాలావరకు బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి. ధర ఎక్కువ, ప్రొటీన్, పీచు తక్కువ. అమెరికాలో 1998 నుంచి పోషకాలు చేర్చి అమ్మే గోధుమ పిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలుపుతున్నారు, గర్భస్థ శిశువు వెన్నుపూస లోపాలను నివారించడానికి. గ్లూటెన్ లేని పిండ్లకు ఆ నియమం లేదు. అక్కడ స్థిరపడిన తెలుగు మహిళలు గోధుమ మానితే ఈ రక్షణ కూడా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. ఇడ్లీ, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి, సజ్జ రొట్టె ఎప్పటినుంచో మన ఇళ్లలో ఉన్నవే, వేటిలోనూ గ్లూటెన్ లేదు. గోధుమ తగ్గించాలనుకునేవారికి కొత్తగా ఏదీ కొనాల్సిన పని లేదు. అయితే నిజంగా సీలియాక్ ఉన్నవారు ఇంగువ డబ్బా మీద రాసింది కూడా చదవాలి. చాలా ఇంగువ పొడులను గోధుమ పిండితో కలిపి చేస్తారు. సీలియాక్ లేనివారికి ఆ చిటికెడుతో ఏ ఇబ్బందీ లేదు.

సీలియాక్ మన దేశంలో ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ, దక్షిణాదిలో చాలా తక్కువ. తక్కువని లేదనుకోకూడదు. ఎంతకాలం మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, ఆగని విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, తోబుట్టువుల్లో ఎవరికైనా ఆ వ్యాధి ఉండటం వంటివి కనిపిస్తే పరీక్ష చేయించుకోవాలి. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్షతో మొదలై, అవసరమైతే చిన్నపేగు బయాప్సీ వరకు వెళ్తారు. కానీ ఇది గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా చెబుతుంది. ముందే మానేస్తే రక్తంలో ప్రతిదేహాలు తగ్గిపోతాయి, పేగు పొర మానిపోతుంది, జబ్బున్నా లేనట్టే కనబడుతుంది. అప్పుడు పరీక్ష కోసం వారాల తరబడి మళ్లీ గోధుమ తినమని వైద్యులు చెప్పాల్సి వస్తుంది. అందుకే గ్లూటెన్ మానాలని అనుకుంటున్నవారు గోధుమ తింటూ ఉండగానే ముందుగా ఈ రక్తపరీక్ష చేయించుకోండి.