బురదలో దిక్సూచి, చెరువులో తెప్ప

అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో ఉప్పునీటి మడుగుల బురదను రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే పరిశోధక విద్యార్థి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తున్నాడు. అతను వెతుకుతున్నది వేరే బ్యాక్టీరియా కోసం. కానీ ఆ నీటిచుక్కలో కొన్ని క్రిములు ఎప్పుడు చూసినా ఒకే అంచుకు చేరి గుమిగూడుతున్నాయి. కిటికీలోంచి వచ్చే వెలుగు కోసం పోతున్నాయేమో అనుకున్నాడు. సూక్ష్మదర్శినిపై అట్టపెట్టె బోర్లించాడు, దాన్ని తిప్పి చూశాడు, మరో చోటికి మార్చాడు. అయినా అవి అదే దిక్కుకు ఈదాయి. చివరికి ఒక అయస్కాంతాన్ని దగ్గరకు తెచ్చి తిప్పితే, చుక్కలోని క్రిములన్నీ ఒక్కసారిగా వెనక్కి మళ్లాయి. ఈ సంగతి 1975లో అచ్చయింది. ఇటలీలోని పావియాలో సాల్వతోరె బెల్లీని 1963లోనే ఇదే విషయాన్ని గమనించి రాసిపెట్టారు. ఆ రాత చాలా ఏళ్లు లోకం కంటపడలేదు. తొలి గౌరవం మాత్రం ఆయనకే దక్కాలి.

ఆ క్రిముల లోపల ఏముందో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపించింది. కణం పొడవునా నల్లటి స్ఫటికాలు వరుసగా పేర్చి ఉన్నాయి. అవి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. ఒక్కో స్ఫటికం చుట్టూ పలచని పొర ఉంటుంది. ఆ పొర కణత్వచం లోపలికి ముడుచుకుని ఏర్పడిన చిన్న సంచి. బ్యాక్టీరియా ఇనుమును ఆ సంచిలోకి చేరవేసి, అక్కడే స్ఫటికాన్ని పెంచుతుంది. స్ఫటికం, సంచి కలిస్తే మాగ్నెటోసోమ్.

స్ఫటికం ఎంత పెరగాలన్నదానికి ఒక లెక్క ఉంది. మిల్లీమీటరులో పది లక్షల వంతును నానోమీటరు అంటాం. ఈ స్ఫటికాలు సుమారు 35 నుంచి 120 నానోమీటర్ల మధ్య ఉంటాయి. అంతకంటే చిన్నవైతే వేడివల్ల కలిగే కదలికకే వాటి అయస్కాంత దిశ అటూ ఇటూ మారిపోతుంది. మరీ పెద్దవైతే ఒకే స్ఫటికంలో వేర్వేరు దిశల భాగాలు ఏర్పడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సరైన పరిమాణం ఉన్నా ఒక్క స్ఫటికం చాలదు. చుట్టూ ఉన్న నీటి అణువుల తాకిడిని తట్టుకుని మొత్తం కణాన్ని తిప్పి నిలబెట్టాలంటే పది, ఇరవై స్ఫటికాల బలం కలవాలి. అందుకే వరుస. ఆ వరుస చెదరకుండా కణం లోపల ఒక ప్రొటీన్ పోగు ఉంటుంది. మాగ్నెటోసోములను మరో ప్రొటీన్ ఆ పోగుకు పట్టి ఉంచుతుంది. ఈ రెండో ప్రొటీన్ తాలూకు జన్యువును తీసేసి చూశారు. స్ఫటికాలు మామూలుగానే తయారయ్యాయి. కానీ ఒకదాన్నొకటి లాక్కుని ముద్దగా కూడిపోయాయి. అలాంటి కణం దిక్కును సరిగా పట్టుకోలేకపోయింది.

ఇంతకూ దిక్కు దేనికి? ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కొద్దిగా కావాలి, ఎక్కువైతే చేటు. అంత కొద్దిపాటి ఆక్సిజన్ ఉండేది బురదా నీరూ కలిసే చోట, సన్నని పొరలో మాత్రమే. దాన్ని చేరాలంటే కిందికో పైకో ఈదాలి. అంత తేలికైన కణానికి పైనా కిందా తెలియదు, భూమి ఆకర్షణ దానికి పెద్దగా అందదు. భూమి అయస్కాంత క్షేత్రం మాత్రం ఉత్తరార్ధగోళంలో ఉత్తరానికి పోతూ నేలలోకి వాలి ఉంటుంది. ఆ వాలు వెంట ఉత్తరానికి ఈదితే చాలు, కిందికి చేరినట్టే. న్యూజిలాండ్, టాస్మానియాల్లో వెతికితే దక్షిణానికి ఈదేవే ఎక్కువగా దొరికాయి, ఎందుకంటే అక్కడ వాలు తలకిందులు. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరున్న బ్రెజిల్ తీరంలో రెండు రకాలూ దాదాపు సమంగా కనిపించాయి. అదే రేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా, తుంబ దగ్గరగా పోతుంది. రాకెట్ కేంద్రానికి తుంబను ఎంచుకోవడానికి కారణం ఆ రేఖే.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దాలి. అయస్కాంతం ఈ క్రిములను లాక్కెళ్లదు. చనిపోయిన కణం కూడా క్షేత్రం వెంట తిరిగి నిలబడుతుంది, కానీ ఉన్నచోటే ఉంటుంది. బతికున్నది మాత్రం ఆ గీత వెంట తన తోకతో తానే ఈదుతుంది. ఇనుప రజనుకూ వీటికీ తేడా పట్టేది కూడా ఇలాగే. ప్రయోగశాలలో ఆక్సిజన్ పుష్కలంగా అందిస్తే స్ఫటికాల తయారీ ఆగిపోతుంది. చాలా తరాలు అలా పెంచితే ఆ జన్యువుల గుంపునే పోగొట్టుకున్న కణాలు పుట్టుకొస్తాయి. ముదురు రంగు కాలనీల మధ్య తెల్లగా కనిపించేవి అవే.

ఈదలేనివి ఏం చేస్తాయి? నమీబియా తీరపు సముద్రపు బురదలో 1997లో దొరికిన థయోమార్గరిటా కదలదు. దీన్ని కంటితోనే చూడొచ్చు. కొన్ని కణాలు మిల్లీమీటరులో ముప్పాతిక వరకు ఉంటాయి. దాని ఆహారమైన సల్ఫైడ్ బురదలో ఉంది. ఆ ఆహారాన్ని మండించుకోవడానికి కావలసిన నైట్రేట్ పైనున్న నీటిలో ఉంది. బురద కలతబడి పైకి లేచినప్పుడు కణం నైట్రేట్‌ను తన నడుమనున్న పెద్ద తిత్తిలో నింపుకుంటుంది. మళ్లీ బురదలో కూరుకుపోయాక నెలల తరబడి దానితో గడుపుతుంది. మండగా మిగిలిన గంధకాన్ని తెల్లగా మెరిసే గుళికలుగా దాచుకుని, తర్వాత దాన్నీ వాడుకుంటుంది.

నిల్వను గుళికలుగా కట్టడానికి ఒక కారణం ఉంది. చక్కెరను కరిగిన రూపంలోనే దాచుకుంటే అది బయటి నీటిని లోపలికి లాగి కణాన్ని ఉబ్బిస్తుంది. వేల చక్కెర అణువులను గొలుసుగా కలిపి గ్లైకోజెన్ చేస్తే ఆ బాధ లేదు. అయితే గ్లైకోజెన్ నీటికంటే బరువు. మన చెరువుల్లో ఒక క్రిమి ఆ బరువునే వాడుకుంటుంది.

హుస్సేన్‌సాగర్‌లో పచ్చని మీగడలా పేరుకునే నాచులో ముఖ్యమైనది మైక్రోసిస్టిస్. దీని కణాల్లో ప్రొటీన్ గోడలున్న బోలు గొట్టాలు గుత్తులుగా ఉంటాయి. వాటిని వాయుకోశాలంటారు. గోడ మందం రెండు నానోమీటర్లే. లోపలి వైపు నీటిని ఒంటబట్టనీయదు, గాలి మాత్రం దానంతట అదే అటూ ఇటూ పోతుంది. అంటే కణం ఇందులో గాలి ఊదడం లేదు, కేవలం బోలుగా కట్టి నిలుపుతోంది. 1895లో క్లేబాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలాంటి నాచు నీటిని సీసా నిండా పోసి, బిరడా బిగించి, దానిపై సుత్తితో కొట్టాడు. ఆ ఒత్తిడికి కోశాలు కుప్పకూలాయి, తేలే నాచు అడుక్కి దిగిపోయింది. కూలిన కోశం మళ్లీ ఉబ్బదు. కొత్తది కట్టుకోవాల్సిందే.

పగలు ఎండలో ఈ క్రిమి పిండిపదార్థం తయారుచేసి గుళికలు నింపుకుంటుంది. సాయంత్రానికి ఆ బరువు కోశాల తేలికదనాన్ని మించుతుంది. అప్పుడది మునిగి, అడుగున దొరికే పోషకాలను అందుకోగలుగుతుంది. రాత్రంతా ఆ నిల్వ ఖర్చయి, తెల్లవారేసరికి తిరిగి పైకొస్తుంది. ఒంటరి కణం ఇలా రోజంతా పోయినా కొన్ని సెంటీమీటర్లే. వందల కణాలు జిగురుతో ముద్దగా కూడితే చాలా వేగంగా లేస్తుంది. గాలి వీచినంతసేపు చెరువు కలియబడి అవి నీళ్లలో చెదిరి ఉంటాయి. గాలి పడిపోయిన రాత్రి అన్నీ ఒకేసారి పైకి చేరతాయి. నిన్న లేని మీగడ పొద్దున్నే కనబడడానికి కారణం ఇదే. ఒక్క రాత్రిలో నాచు అంత పెరగలేదు, ఉన్నదే పైకి వచ్చింది.

మైక్రోసిస్టిస్‌లో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తాయి. ఏది విషపుదో చూసి చెప్పలేం. నీళ్లు మరిగించినా ఆ విషం పోదు. అందుకని చెరువు ఒడ్డున పచ్చని మీగడ కట్టిన రోజు ఆ నీళ్లు వాడకండి, పశువులను అక్కడ తాగనివ్వకండి.