± పక్కనున్న అంకె దేని గురించి?

ఒక వైద్య పరిశోధన పత్రంలో ‘ట్రైగ్లిజరైడ్స్ 160 ± 9’ అని ఉందనుకుందాం. వందమందికి పరగడుపున రక్తపరీక్ష చేస్తే సగటున డెసిలీటరుకు 160 మిల్లీగ్రాములు వచ్చింది. మరి ఆ 9 ఏమిటి? దాదాపు అందరి రీడింగులూ 160కి దగ్గర్లోనే ఉన్నాయని కొత్తగా చదివేవాళ్లు అనుకుంటారు. ల్యాబ్ రిజిస్టరు తిరగేస్తే అలా ఉండదు. ఒకరికి 70, ఇంకొకరికి 110, మరొకరికి 450.

మనిషికీ మనిషికీ ఉన్న ఈ తేడాను కొలిచేది స్టాండర్డ్ డీవియేషన్. ఇక్కడ అది 90 అనుకుందాం. స్టాండర్డ్ ఎర్రర్ చెప్పేది వేరే సంగతి. అదే జనాభాలోంచి మరో వందమందిని తీసుకుంటే సగటు 152 రావచ్చు, 171 రావచ్చు. శాంపిల్ మారినప్పుడల్లా సగటు ఎంత ఊగుతుందో దానివల్ల తెలుస్తుంది. డీవియేషన్‌ను శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది. 100కి వర్గమూలం 10 కాబట్టి, 90ని 10తో భాగిస్తే 9. నాలుగు వందల మందిని పరీక్షిస్తే ఎర్రర్ 4.5కి తగ్గుతుంది. డీవియేషన్ మాత్రం 90 దరిదాపుల్లోనే ఉంటుంది. ఎక్కువమందిని పరీక్షించినంత మాత్రాన మనుషుల మధ్య తేడాలు పోవు కదా!

ఇక్కడ ఒక చిక్కుంది. 160లోంచి రెండు డీవియేషన్లు తీసేస్తే మైనస్ 20 వస్తుంది. రక్తంలో కొవ్వు సున్నా కన్నా తక్కువ ఉండదు. అంటే ఈ రీడింగులు గంట ఆకారంలో లేవు, కొద్దిమంది భారీ రీడింగుల వల్ల కుడివైపు సాగిపోయాయి. అయినా అసలు సగటుకు 95 శాతం విశ్వాస అవధిని సుమారు 142 నుంచి 178 అని లెక్కగట్టగలం. ఆ వీలు కల్పించేది సెంట్రల్ లిమిట్ థీరమ్. రీడింగులు ఎంత వంకరగా ఉన్నా, శాంపిల్ పెరిగేకొద్దీ సగటులు గంట ఆకారానికి దగ్గరవుతాయని అది చెబుతుంది. పదిమందిలో 160 ఉన్న ఒకరి బదులు 800 ఉన్నవారు వస్తే సగటు 64 పెరుగుతుంది. వందమందిలో అయితే 6.4 మాత్రమే. ఏ ఒక్కరూ సగటును తమవైపు లాగలేరు.

శాంపిల్ 30 దాటితే చాలన్న మాట అన్నిచోట్లా చెల్లదు. వంకర ఎక్కువైతే ఇంకా ఎక్కువమంది కావాలి. పైగా ఎంపిక యాదృచ్ఛికంగా జరగాలి. షుగర్ క్లినిక్‌కు వచ్చినవాళ్లనే తీసుకుని ఊరంతటి సగటు చెబితే, వేలమందిని పరీక్షించినా ఆ తప్పు అలాగే ఉంటుంది. ఎర్రర్ మాత్రం చిన్నదై మనల్ని నమ్మిస్తుంది.

± పక్కన ఏది ఇచ్చారో పత్రంలో రాయకపోతే, ఆ అంకెను శాంపిల్ వర్గమూలంతో గుణించి చూడండి. 9ని 10తో గుణిస్తే 90. మనుషుల మధ్య తేడా 9 అంటే నమ్మలేం, 90 అంటే నమ్మొచ్చు. కాబట్టి వాళ్లిచ్చింది స్టాండర్డ్ ఎర్రరే అయివుంటుంది. రోగులు ఎలా ఉన్నారో చెప్పే పట్టికలో డీవియేషన్ ఇవ్వాలి, ఇలా వంకరగా ఉన్నప్పుడు మధ్యగతం ఇంకా మేలు. సగటు ఎంత కచ్చితమో చెప్పాల్సిన చోటే స్టాండర్డ్ ఎర్రర్‌కు పని.