తాళంచెవికి తాళం

కొన్నేళ్ల కిందట సికింద్రాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే రైల్లో నా ల్యాప్‌టాప్ సంచి పోయింది. ఖమ్మం దాటాక మెలకువ వచ్చి చూసుకుంటే సీటు కింద సంచి లేదు. ల్యాప్‌టాప్ ఖరీదు కంటే అందులోని ఒక చిన్న ఫైల్ నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. దాని పేరు `id_rsa`. నేను చూసుకునే సర్వర్‌లోకి ఎక్కడి నుంచైనా ప్రవేశించడానికి ఆ ఒక్క ఫైల్ చాలు.

ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అనిపించవచ్చు. కానీ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయలేదు. అలాంటప్పుడు డిస్కును ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ తెరిచిన పుస్తకమే. ఆ కీ తయారు చేసిన రోజున పాస్‌ఫ్రేజ్ ఇమ్మని కంప్యూటర్ అడిగింది. రోజూ ఎవరు కొడతారులే అని రెండుసార్లు ఎంటర్ నొక్కి ఊరుకున్నాను. పైగా ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే `config` అనే ఇంకో ఫైల్ ఉంది. ఏ సర్వర్, ఏ పేరుతో ప్రవేశించాలి అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఇంటి తాళంచెవికి ఇంటి చిరునామా చీటీ కట్టి రైల్లో వదిలేసినట్టయింది.

కీ ఎలా పని చేస్తుంది

దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి పేరు ఎస్‌ఎస్‌హెచ్. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ మీద పొంచి ఉండి ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. దాంతో అక్కడి పరిశోధకుడు తాతు యిలోనెన్ దీన్ని తయారు చేశాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1999లో మొదలైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

ఇందులో పాస్‌వర్డ్‌తోనూ లోపలికి వెళ్లవచ్చు. అయితే ఆ పాస్‌వర్డ్ సర్వర్ దాకా వెళుతుంది. ఆ సర్వర్ అప్పటికే దొంగ చేతిలో ఉంటే పాస్‌వర్డ్‌ను మనమే వాడి చేతిలో పెట్టినట్టు. కీ పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. మన కంప్యూటర్ రెండు ఫైళ్లను జంటగా తయారు చేస్తుంది. ఒకటి పబ్లిక్ కీ, అది ఎవరు చూసినా నష్టం లేదు. దాన్ని సర్వర్‌లో `authorized_keys` అనే ఫైల్‌లో ఒక వరుసగా రాస్తాం. రెండోది ప్రైవేట్ కీ, అది మన దగ్గరే ఉంటుంది.

లోపలికి వెళ్లేటప్పుడు మన కంప్యూటర్ ప్రైవేట్ కీతో ఒక సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకం అప్పటి సంభాషణకే చెందిన ఒక గుర్తు మీద చేసింది. కాబట్టి దాన్ని ఎవరైనా పట్టుకున్నా ఇంకోసారి, ఇంకోచోట చెల్లదు. సర్వర్ తన దగ్గరున్న పబ్లిక్ కీతో ఆ సంతకాన్ని సరిచూసుకుని తలుపు తీస్తుంది. ప్రైవేట్ కీ మాత్రం మన కంప్యూటర్ గడప దాటదు.

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ ఒక బలహీనత ఉంది. ప్రైవేట్ కీ అంటే మామూలు ఫైలే. ఫైల్‌ను కాపీ చేయవచ్చు. కాపీ చేసినవాడికీ మనకూ తేడా సర్వర్‌కు తెలియదు. ఆ కీకి పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా అన్నది కూడా దానికి తెలియదు. కాబట్టి ఈ ఫైల్‌ను కాపాడే బాధ్యత పూర్తిగా మనదే.

పాస్‌ఫ్రేజ్ చేసే పని

పాస్‌ఫ్రేజ్ ఇస్తే కంప్యూటర్ ప్రైవేట్ కీని ఎన్‌క్రిప్ట్ చేసి డిస్కు మీద రాస్తుంది. ఫైల్ దొంగ చేతికి చిక్కినా అందులో ఉండేది అర్థంకాని అక్షరాల కుప్ప. అది తెరుచుకోవాలంటే పాస్‌ఫ్రేజ్ కావాలి. ఈ పాస్‌ఫ్రేజ్ సర్వర్‌కు వెళ్లదు, మన దగ్గరున్న ఫైల్‌ను తెరవడానికే పనికొస్తుంది.

కొత్త కీ ఇలా చేస్తాం:

```
ssh-keygen -t ed25519 -a 100
ssh-copy-id me@server.example.com
```

మొదటి వరుసలో `ed25519` కీ రకం. పక్కనున్న `-a 100` అసలు సంగతి. ఫైల్ దొరికినవాడు మన సర్వర్‌ను తాకకుండానే, తన ఇంట్లో కూర్చుని పాస్‌ఫ్రేజ్‌లు ఒక్కొక్కటే ప్రయత్నించి చూడగలడు. మూడుసార్లు తప్పు కొడితే ఆపేవాళ్లెవరూ అక్కడ ఉండరు. అందుకే ప్రతి ప్రయత్నమూ ఆలస్యమయ్యేలా పాస్‌ఫ్రేజ్‌ను కావాలనే చాలాసార్లు రుబ్బి, ఆ వచ్చినదాన్నే తాళంగా వాడతారు. ఎన్నిసార్లు రుబ్బాలో ఆ 100 చెబుతుంది. మనకు అదొక చిన్న విరామం. కోట్లసార్లు ప్రయత్నించాల్సినవాడికి మాత్రం అది కొండంత పని.

పాస్‌ఫ్రేజ్ ఎలా ఉండాలి? సినిమా పాట పల్లవి, పిల్లల పేరు, పుట్టిన ఏడాది వద్దు. దొంగలు మొదట ప్రయత్నించేవి అవే. 7,776 మాటలున్న జాబితా లోంచి పాచికలు వేసి నాలుగు మాటలు తీశారనుకోండి. దొంగ దగ్గర సెకనుకు పది వేల ప్రయత్నాలు చేసే యంత్రాలున్నా, అన్ని కలయికలూ చూడటానికి 11,000 ఏళ్లకు పైనే పడుతుంది. మాటలను మన మనసు కాకుండా పాచిక ఎంచుకోవడమే ఇక్కడ కిటుకు. మనసు ఎంచుకుంటే అవి ఒకదానికొకటి చుట్టాలై ఉంటాయి.

ఇప్పటికే ఉన్న కీకి పాస్‌ఫ్రేజ్ ఉందో లేదో ఇలా తెలుసుకోవచ్చు:

```
ssh-keygen -y -f ~/.ssh/id_rsa
```

పాస్‌ఫ్రేజ్ అడిగితే రక్షణ ఉన్నట్టు. ఏమీ అడగకుండా పబ్లిక్ కీని తెర మీద చూపిస్తే, ఆ ఫైల్ ఎవరి చేతికి దొరికినా పని చేస్తుందన్నమాట. అప్పుడు ఈ ఆదేశంతో పాస్‌ఫ్రేజ్ పెట్టవచ్చు:

```
ssh-keygen -p -a 100 -f ~/.ssh/id_rsa
```

ఫైల్ మొదటి వరుసలో `BEGIN RSA PRIVATE KEY` అని ఉంటే అది పాత పద్ధతిలో రాసినది. ఆ పద్ధతిలో పాస్‌ఫ్రేజ్‌ను ఒక్కసారే రుబ్బి వదిలేస్తారు. అందువల్ల పాస్‌ఫ్రేజ్ ఉన్నా ఊహించడం సులువు. ఇప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో పై ఆదేశం ఇస్తే ఫైల్ కొత్త పద్ధతిలోకి మారుతుంది, మొదటి వరుస `BEGIN OPENSSH PRIVATE KEY` అవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ ఆదేశం మార్చేది ఆ ఒక్క ఫైల్‌నే. అంతకుముందు పెన్‌డ్రైవ్‌లోకో, బ్యాకప్‌లోకో వెళ్లిన కాపీ పాత స్థితిలోనే ఉంటుంది, పని కూడా చేస్తుంది. అలాంటి కాపీ ఎక్కడైనా ఉందన్న అనుమానం ఉంటే కొత్త కీ చేసుకుని, పాతదాన్ని సర్వర్‌లోంచి తీసేయడమే దారి.

రోజూ కొట్టే బాధ లేకుండా

నేను ఆనాడు ఎంటర్ నొక్కడానికి కారణం బద్ధకం. రోజుకు ఇరవైసార్లు సర్వర్‌లోకి వెళ్లేవాడు నాలుగు మాటల పాస్‌ఫ్రేజ్ ఇరవైసార్లు కొట్టలేడు. దానికి మందు ఏజెంట్. అది కంప్యూటర్ మెమరీలో నడిచే చిన్న ప్రోగ్రామ్. పొద్దున ఒకసారి పాస్‌ఫ్రేజ్ చెబితే కీని తెరిచి తన దగ్గర ఉంచుకుంటుంది. తరువాత సంతకం అవసరమైనప్పుడల్లా మన తరఫున చేసి పెడుతుంది. అడిగినవాళ్లకు సంతకం ఇస్తుంది గానీ కీని ఇవ్వదు.

```
eval "$(ssh-agent -s)"
ssh-add -t 4h ~/.ssh/id_ed25519
ssh-add -l
```

మొదటిది ఏజెంట్‌ను మొదలుపెడుతుంది. చాలా లైనక్స్ డెస్క్‌టాప్‌లలోనూ మ్యాక్‌లోనూ అది ముందే నడుస్తూ ఉంటుంది కాబట్టి ఆ వరుస అక్కర్లేదు. రెండోది కీని అప్పగిస్తుంది, `-t 4h` వల్ల నాలుగు గంటలు కాగానే ఏజెంట్ దాన్ని మరిచిపోతుంది. మూడోది ఇప్పుడు ఏజెంట్ దగ్గర ఏ కీలున్నాయో చూపిస్తుంది. భోజనానికి లేచేటప్పుడు `ssh-add -D` కొడితే అన్నింటినీ వదిలేస్తుంది.

ఏజెంట్‌కూ హద్దులున్నాయి. పాస్‌ఫ్రేజ్ కాపాడేది డిస్కు మీద నిద్రపోతున్న కీని. ఏజెంట్ దగ్గర ఉన్నది మేలుకున్న కీ. మీరు తెరిచి వదిలేసిన ల్యాప్‌టాప్ ముందు ఎవరైనా కూర్చుంటే, లేదా మీ పేరుతో ఒక చెడ్డ ప్రోగ్రామ్ నడుస్తుంటే, ఏజెంట్ వాళ్లకూ సంతకం చేసి పెడుతుంది. గంటల గడువు పెట్టేది అందుకే.

అంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఏజెంట్ ఫార్వార్డింగ్ విషయంలో. ఒక సర్వర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంకోదానిలోకి వెళ్లడానికి మన ఏజెంట్‌ను మొదటి సర్వర్ దాకా చాచే సౌకర్యం అది, `ssh -A` తో వస్తుంది. అయితే ఆ మొదటి సర్వర్ మీద సర్వాధికారాలు దక్కించుకున్నవాడు, మనం అక్కడున్నంతసేపూ మన ఏజెంట్‌తో తనకు కావలసిన సంతకాలు చేయించుకోగలడు. 2019 ఏప్రిల్‌లో మ్యాట్రిక్స్ డాట్ ఆర్గ్ అనే సందేశ సేవలో జరిగింది ఇదే. జెంకిన్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే యంత్రంలోని లోపం ద్వారా లోపలికి వచ్చినవాడు, అక్కడికి ఫార్వార్డ్ అయిన ఏజెంట్‌ను వాడుకుని ముఖ్యమైన సర్వర్లలోకి చొరబడ్డాడు.

ఆ అవసరానికి ఇంతకంటే మేలైన దారి ఉంది:

```
ssh -J me@gate.example.com me@db.example.com
```

ఇందులో మధ్యనున్న యంత్రం ఒక గొట్టంలా డేటాను అటూఇటూ చేరవేస్తుంది, అంతే. సంతకాలు రెండూ మన ల్యాప్‌టాప్‌లోనే జరుగుతాయి. ఏజెంట్ ఎక్కడికీ వెళ్లదు.

పోయిన రోజున

ఆ తెల్లవారుజామున బెజవాడలో దిగి స్నేహితుడి ఇంటికి పరుగెత్తాను. వాడి కంప్యూటర్ నుంచి, సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ వెబ్ కన్సోల్ ద్వారా లోపలికి వెళ్లాను. `authorized_keys` తెరిచి నా పాత కీ వరుసను తీసేశాను. ఆ క్షణంతో ఆ కీకి విలువ పోయింది. తరువాత నేను పెట్టని వరుస ఏదైనా అందులో చేరిందా అని చూశాను. వచ్చినవాడు తన కీ ఒకటి అక్కడ రాసిపోతే, నా కీ తీసేసినా వాడు మళ్లీ వస్తాడు. చివరగా లాగ్ వెతికాను:

```
grep "Accepted publickey" /var/log/auth.log
```

ఎప్పుడు, ఏ చిరునామా నుంచి, ఏ కీతో ప్రవేశించారో ఆ వరుసల్లో ఉంటుంది. రాత్రి నేను రైలెక్కినప్పటి నుంచి ఒక్క వరుస కూడా లేదు. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

పాస్‌ఫ్రేజ్ ఉండి ఉంటే ఆ కీ వరుసను తీసేయనక్కర్లేదా? తీయాల్సిందే. కానీ దొంగ ఫైల్ తెరిచే లోపు నాకు చాలినంత సమయం ఉండేది. ఆ మూడు గంటలు రైలు పట్టాల చప్పుడు వింటూ, ఈపాటికి లోపలికి వెళ్లి ఉంటాడా అని నిమిషాలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది కాదు. ఇప్పుడు నా కీ ఒక్కో యంత్రానికి ఒకటి చొప్పున ఉంది. ఏది పోతే ఆ వరుసనే తీయవచ్చు. ప్రతి దానికీ పాచికలు వేసి తీసిన నాలుగు మాటల తాళం ఉంది. పొద్దున కాఫీ తాగుతూ ఆ నాలుగు మాటలూ ఒకసారి కొడతాను. మధ్యాహ్నానికి ఏజెంట్ కీని మరిచిపోతుంది.