బోల్తా పడ్డ ట్రాక్టర్‌ను లేపే ముందు

వాలు చేలో అడ్డంగా దున్నేటప్పుడు పైవైపు చక్రం రాయెక్కినా, కిందివైపు చక్రం గుంటలో దిగినా ట్రాక్టర్ పక్కకు ఒరిగిపోతుంది. డ్రైవర్‌ను కాపాడి, ఇంజన్ ఆపాక, బండిని లేపకముందే యజమానికి, బీమా కంపెనీకి కబురు చేయాలి. ఎవరికైనా గాయాలైతే పోలీసులకూ చెప్పాలి.

కారణం చెప్పేవి నేల మీది గుర్తులే. చక్రాల జాడలు, ఆ రాయి, ఆ గుంట, నాగలి ఎత్తి ఉందో దించి ఉందో ఫొటోలు తీయాలి. వాలు కొలవడానికి మీటరు కర్ర ఒక కొనను పైవైపు నేలకు ఆనించి, రసమట్టంతో సమంగా పట్టాలి. రెండో కొన కింద 30 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే వాలు దాదాపు 17 డిగ్రీలు. ఇద్దరికీ ఇచ్చే నివేదికల్లో ఇవే వివరాలు ఉండాలి.

లేపిన వెంటనే స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లలోకి ఆయిల్ చేరి ఉంటే ఇంజన్ లోపలి భాగాలు వంగిపోతాయి. ముందు మెకానిక్‌కు చూపించాలి.