ఒకే మెట్టు మీద నాలుగు స్థితులు

వెలుగుతున్న వాయువులో బలమైన విద్యుత్ క్షేత్రాన్ని నిలపడం చాలా కష్టం. వాయువు వెలిగిందంటే అందులో విద్యుత్తు పారుతున్నట్టే, పారేచోట వోల్టేజి నిలవదు. 1913లో జర్మనీలోని ఆహెన్‌లో యోహానెస్ స్టార్క్ దీనికి ఒక దారి కనిపెట్టాడు. ఆయన గొట్టంలోని కేథోడ్‌కు రంధ్రాలు ఉన్నాయి. వెలిగే హైడ్రోజన్ కణాలు వాటి గుండా వెనక్కి దూసుకొచ్చేవి. అక్కడ ఇంకో ఎలక్ట్రోడ్‌ను బాగా దగ్గరగా అమర్చి, ఆ ఇరుకు సందులో సెంటీమీటరుకు పదివేల వోల్టులకు మించిన క్షేత్రాన్ని నిలిపాడు. ఆ కణాల వెలుగును వర్ణపటంగా విడదీసి చూస్తే, ఒక్కో గీత ఉండాల్సిన చోట కొన్ని గీతలు కనబడ్డాయి. 1919లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఈ చీలిక కూడా కారణం.

చీలిక కంటే, అది పెరిగిన తీరు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. క్షేత్రం రెట్టింపైతే గీతల మధ్య ఎడం కూడా సరిగ్గా రెట్టింపైంది.

ఆశ్చర్యం ఎందుకంటే, గుండ్రంగా ఉన్న తటస్థ పరమాణువు ఇలా ప్రవర్తించకూడదు. అలాంటి పరమాణువులో క్షేత్రం ముందు ఎలక్ట్రాన్ మేఘాన్ని కాస్త పక్కకు జరపాలి, ఆ జరిగిన మేఘం మీదే మళ్ళీ పనిచేయాలి. క్షేత్రం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది కాబట్టి శక్తి మార్పు క్షేత్రపు వర్గంతో పెరగాలి. సోడియం పరమాణువు భూస్థితిలో అలాగే నడుచుకుంటుంది. హైడ్రోజన్ వేరే దారి పట్టింది. 1916లో ఎప్‌స్టైన్, ష్వార్ట్స్‌షిల్డ్ పాత క్వాంటం నియమాలతోనే సరైన అంకెలు రాబట్టారు. 1926లో ష్రోడింగర్ తన కొత్త సమీకరణాన్ని ఇదే సమస్యకు పెట్టి పరీక్షించాడు. ఆయన అందుకు వాడిన పద్ధతే నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న పర్టర్బేషన్ సిద్ధాంతం.

ఆ సిద్ధాంతపు మొదటి మెట్టు చాలా తేలిక. పరమాణువు శక్తి స్థాయిలు ముందే తెలుసు. పైనుంచి ఒక చిన్న అదనపు శక్తి వచ్చి చేరింది. పాత తరంగ ప్రమేయాన్ని ముట్టుకోకుండా, ఆ అదనపు శక్తి సగటు కడితే స్థాయి ఎంత జరిగిందో మొదటి అంచనా వస్తుంది. ఇక్కడ అదనపు శక్తి eFz. F అంటే క్షేత్రం, z అంటే క్షేత్రం దిశలో కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ ఉన్న ఎత్తు. భూస్థితిలో మేఘం గుండ్రంగా ఉంటుంది కనుక పైన ఎంతో కిందా అంతే. సగటు సున్నా. రెండో మెట్టుకు వెళితేనే మార్పు కనబడుతుంది. మీటరుకు కోటి వోల్టుల క్షేత్రంలో కూడా అది ఒక ఎలక్ట్రాన్ వోల్టును పది కోట్ల భాగాలు చేస్తే వచ్చే రెండు భాగాలంత మాత్రమే.

రెండో స్థాయిలో సంగతి మారుతుంది. స్పిన్‌ను పక్కన పెడితే అక్కడ నాలుగు స్థితులు ఉన్నాయి: గుండ్రటి 2s ఒకటి, 2p మూడు. నాలుగింటి శక్తీ ఒకటే, మైనస్ 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు. దీన్నే డీజెనరసీ అంటారు. పాత సూత్రం పట్టుకుని ఒక్కో స్థితిలో z సగటు కడితే నాలుగుసార్లూ సున్నాయే వస్తుంది. విద్యార్థి అక్కడితో ఆగి, మొదటి మెట్టులో మార్పేమీ లేదని రాసేస్తాడు. ఆ జవాబు చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా తప్పు. ఇంకో వరుస ముందుకు వెళితే ఆ తప్పు బయటపడుతుంది. ఒక స్థితిలోకి ఇంకొకటి ఎంత కలుస్తుందో చెప్పే భిన్నంలో, హారం ఆ రెండు స్థితుల శక్తుల తేడా. ఇక్కడ ఆ తేడా సున్నా, లవం మాత్రం సున్నా కాదు. లెక్క పగిలిపోతుంది.

లోపం సిద్ధాంతంలో లేదు, మొదలుపెట్టిన చోట ఉంది. నాలుగు స్థితుల శక్తి ఒకటే అయినప్పుడు వాటిని ఏ పాళ్ళలో కలిపినా అదే శక్తి వస్తుంది. 2s, 2p అనే విభజన మన సౌకర్యం కోసం చేసుకున్నదే, క్షేత్రానికి దానితో పనిలేదు. అందుకని ముందుగా ఏ మిశ్రమాలను ఎంచుకోవాలో క్షేత్రం చేతే చెప్పించాలి. నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు ఉన్న పట్టిక వేసి, ప్రతి జంట మధ్యా z విలువ కట్టాలి. పదహారు గళ్ళు చూసి బెదరనక్కర్లేదు, సౌష్ఠవం చాలావాటిని తుడిచేస్తుంది. క్షేత్రం అక్షం చుట్టూ తిరిగే కోణీయ ద్రవ్యవేగాన్ని క్షేత్రం మార్చలేదు కనుక పక్కలకు తిరిగే రెండు 2p స్థితులూ విడిగా మిగిలిపోతాయి. చివరికి 2s కూ, క్షేత్రం వెంట నిలిచిన 2p కూ మధ్య ఉన్న విలువ ఒక్కటే బతుకుతుంది.

దాన్ని చేత్తోనే కట్టవచ్చు. బోర్ వ్యాసార్థం a అనుకుని, దూరాన్ని a లలో కొలిచి x అంటే, కోణాల భాగం పూర్తయ్యాక మిగిలేది ఇది:

(a/24) ∫ (2 − x) x⁴ e⁻ˣ dx = (a/24)(48 − 120) = −3a

ఈ ఒక్క అంకెతో సమస్య తేలిపోతుంది. రెండు స్థితుల చిన్న పట్టికను పరిష్కరిస్తే శక్తి మార్పులు +3eaF, −3eaF. మిగతా రెండు స్థితులు కదలవు. ఒక మెట్టు మూడు మెట్లవుతుంది. మీటరుకు కోటి వోల్టుల దగ్గర ఈ మార్పు సుమారు 0.0016 ఎలక్ట్రాన్ వోల్టులు, భూస్థితి మార్పుకు డెబ్బై వేల రెట్లు. రెండో స్థాయి నుంచి భూస్థితికి దిగేటప్పుడు వచ్చే 121.6 నానోమీటర్ల గీతకు అటూ ఇటూ 0.019 నానోమీటర్ల దూరంలో కొత్త గీతలు పుడతాయి.

క్షేత్రం ఎంచుకున్న మిశ్రమాలు 2s, 2p లు సగం సగం కలిసినవి. ఒకదానిలో మేఘం సగటున 3a మేర ధన పలక వైపు ఒరిగి ఉంటుంది, దాని శక్తి తగ్గుతుంది. రెండోదానిలో అటువైపు ఒరుగుతుంది, దాని శక్తి పెరుగుతుంది. ఈ ఒరుగుడు క్షేత్రం బలాన్ని బట్టి వచ్చినది కాదు. గుంటలో ఉన్న గోళీ నేల కాస్త వాలితే కాస్తే జరుగుతుంది. చదునైన బండ మీది గోళీ ఎంత చిన్న వాలుకైనా దొర్లిపోతుంది. సమాన శక్తి ఉన్న స్థితులు ఆ చదును బండ లాంటివి. అందుకే ఉత్తేజిత హైడ్రోజన్ శాశ్వత ద్విధ్రువం ఉన్నదానిలా ప్రవర్తిస్తుంది, అదీ నీటి అణువుకున్న దానికి నాలుగు రెట్లు. స్టార్క్ చూసిన నేరు అనుపాతానికి కారణం ఇదే.

అయితే ఆ బండ పూర్తిగా చదునైనదేమీ కాదు. సాపేక్షత, స్పిన్ ప్రభావాల వల్ల 2p స్థితులు రెండు గుంపులుగా విడిపోతాయి, వాటి మధ్య ఎడం ఎలక్ట్రాన్ వోల్టులో లక్షకు నాలుగున్నర వంతులు. 2s, దాని పక్కనే ఉన్న 2p మధ్య అంతకంటే పదోవంతు ఎడం ఉందని 1947లో లాంబ్, రెథర్‌ఫర్డ్ కొలిచారు. కాబట్టి ‘బలహీన క్షేత్రం’ అన్నప్పుడు దేనితో పోలిస్తే బలహీనమో అడగాలి. స్థితుల మధ్య ఎడాన్ని Δ అని, క్షేత్రం వాటిని కలిపే బలాన్ని V అని అనుకుంటే, V చాలా చిన్నదైనప్పుడు మార్పు V²/Δ, అంటే మళ్ళీ వర్గమే. V పెద్దదైతే నేరు అనుపాతం. లాంబ్ కొలిచిన ఎడానికి ఈ మలుపు సెంటీమీటరుకు కొన్ని వందల వోల్టుల దగ్గర వస్తుంది. స్టార్క్ క్షేత్రాలు దాన్ని ఎంతో దాటినవి. మరీ పెంచుకుంటూ పోతే ఎలక్ట్రాన్ అడ్డుగోడను చీల్చుకుని బయటికి జారిపోతుంది, అక్కడ స్థిరమైన స్థాయి అన్న మాటే చెల్లదు.

మలుపుకు ఇవతల, వర్గం రాజ్యమేలే చోట కూడా కలయిక ఆగదు. క్షేత్రం లేనప్పుడు 2s దాదాపు సెకనులో ఎనిమిదో వంతు బతుకుతుంది, 2p మాత్రం 1.6 నానోసెకన్లలోనే వెలుగు విడిచి కిందికి దిగిపోతుంది. సెంటీమీటరుకు పది వోల్టుల క్షేత్రం పెడితే శక్తిలో మార్పు లెక్కలోకి రానంత చిన్నది, కానీ 2s లోకి 2p పాలు పదివేలకు నాలుగు వంతులు కలుస్తుంది. అంతమాత్రానికే 2s ఆయుష్షు నాలుగు మైక్రోసెకన్లలోపుకు పడిపోతుంది.