మిరపకాయలు ఎవరి దగ్గర కొనాలి?

గుంటూరు దగ్గర ఒక చిన్న పచ్చళ్ల కేంద్రం ఉందనుకుందాం. ఏడాదికి సరిపడా ఎండుమిర్చి కొనాలి. ఇద్దరు వ్యాపారులు సరుకు చూపించారు. మొదటి వ్యాపారి తెచ్చిన కాయ పట్టుకుని విరిస్తే ఫట్‌మంటుంది, ఊపితే గింజ గలగలలాడుతుంది. బాగా ఆరిన సరుకు. కానీ రేటు ఎక్కువ, బస్తాలు రావడానికి రోజులు పడుతుంది. రెండో వ్యాపారి కాయ విరవబోతే వంగుతుంది. లోపల చెమ్మ ఉందన్నమాట, నిల్వ పెడితే బూజు పట్టే ప్రమాదం. అయితే ధర బాగా తక్కువ, ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా సరుకు దిగుతుంది.

ఎవరి దగ్గర కొనాలి? ఇలాంటి చిక్కుకు గణిత శాస్త్రవేత్త థామస్ సాటీ 1970లలో ఒక పద్ధతి రూపొందించాడు. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. అంతకు ముందు అక్కడి ఆయుధ నియంత్రణ సంస్థలో పనిచేశాడు. ఈ పద్ధతిని వివరించే పుస్తకం 1980లో వచ్చింది. కంపెనీల కొనుగోలు విభాగాల్లో దీన్ని పొట్టిగా ఏహెచ్‌పీ అంటారు.

నాణ్యతకు ఎన్ని మార్కులు, ధరకు ఎన్ని అని ఒక్కసారిగా అడిగితే ఎవరైనా తడబడతారు. అందుకే సాటీ ఒకసారికి రెండే అంశాలను ఎదురెదురుగా పెట్టి, ఏది ఎక్కువ ముఖ్యమో, ఎన్ని రెట్లో అడగమన్నాడు. రెండూ సమానమైతే 1, కాస్త ఎక్కువైతే 3, బాగా ఎక్కువైతే 5, తిరుగులేనంత ఎక్కువైతే 9. మధ్య అంకెలు కూడా వాడొచ్చు.

లెక్కలు చూసే తమ్ముడు కాగితం తీసుకుని యజమానురాలిని అడిగాడు.

“అక్కా, ధర కంటే నాణ్యత ఎన్ని రెట్లు ముఖ్యం?”

“మూడు.”

“వేళకు సరుకు రావడం కంటే ధర?”

“నాలుగు. పోయిన నెల బిల్లు చూశావుగా.”

“మరి వేళకు రావడం కంటే నాణ్యత?”

“రెండు. పండగ ముందు సరుకు రాక ఎంత అవస్థ పడ్డాం!”

వీటి నుంచి ప్రాముఖ్యం బరువులు తీయడం కష్టమేమీ కాదు. నాణ్యత వరుసలో 1, 3, 2 ఉన్నాయి. వాటిని గుణిస్తే 6, దాని ఘనమూలం దాదాపు 1.82. ధర వరుసలో మొదటి అంకె తిరగబడి 1/3 అవుతుంది, తర్వాత 1, 4. ఇలా మూడు వరుసలకూ చేసి, మొత్తంతో భాగిస్తే నాణ్యతకు 0.53, ధరకు 0.32, వేళకు రావడానికి 0.15 వచ్చాయి.

తర్వాత వ్యాపారులను ఒక్కో అంశంలో పోల్చారు. నాణ్యతలో మొదటి వ్యాపారి 3 రెట్లు మెరుగు. ధరలో రెండో వ్యాపారి 5 రెట్లు, వేళకు పంపడంలో 3 రెట్లు మెరుగు. అంటే నాణ్యతలో మొదటి వ్యాపారి వాటా నాలుగింట మూడు, ధరలో ఆరింట ఒకటి, వేళ విషయంలో నాలుగింట ఒకటి. బరువులతో గుణించి కూడితే అతనికి 49 శాతం, రెండో వ్యాపారికి 51 శాతం. చెమ్మ కాయే గెలిచింది.

ఇక్కడే ఆగిపోయేవాళ్లు చాలామంది. అసలు పరీక్ష దీని తర్వాతే ఉంది.

ధర కంటే నాణ్యత మూడు రెట్లు, వేళ కంటే ధర నాలుగు రెట్లు అయితే, వేళ కంటే నాణ్యత పన్నెండు రెట్లు కావాలి. ఆమె చెప్పింది రెండే. మాటలు ఇంతగా పొసగకపోతే బరువులను నమ్మలేం. ఆ తేడాను కొలిచేదే పొందిక నిష్పత్తి. మూడు అంశాల పట్టిక నూటికి నూరుపాళ్లు పొందికగా ఉంటే దాని ప్రధాన విలువ సరిగ్గా 3 వస్తుంది. ఇక్కడ 3.37 వచ్చింది. పైనున్న 0.37ను అంశాల సంఖ్య కంటే ఒకటి తక్కువతో, అంటే 2తో భాగిస్తే 0.185. ఎవరో కళ్లు మూసుకుని అంకెలు నింపితే ఇదే కొలత సగటున 0.58 ఉంటుంది. దానితో భాగించాలి.

`CR = 0.185 / 0.58 = 0.32`

సాటీ పెట్టిన హద్దు 0.10. మూడే అంశాలున్నప్పుడు 0.05 దాటకూడదని తర్వాత ఇంకా బిగించాడు.

హద్దు దాటితే అంకెలను దిద్దేసి గట్టెక్కడం చాలాచోట్ల జరిగే పొరపాటు. చేయాల్సింది మళ్లీ అడగడం. తమ్ముడు అడిగితే ఆమెకే తట్టింది: రెండో జవాబు చెప్పేటప్పుడు బిల్లు బాధ, మూడో జవాబు చెప్పేటప్పుడు పండగ బాధ మాట్లాడాయి. ఏడాది మొత్తాన్ని తలచుకుని, వేళ కంటే ధర 2 రెట్లు, వేళ కంటే నాణ్యత 5 రెట్లు అని మార్చింది. నిష్పత్తి 0.003కు దిగింది. కొత్త బరువులు 0.65, 0.23, 0.12. వ్యాపారుల అంకెలు అవే, ఫలితం మాత్రం తిరగబడింది. మొదటి వ్యాపారికి 56, రెండో వ్యాపారికి 44.

ఈ పరీక్ష పట్టుకునేది మాటల మధ్య వైరుధ్యాన్నే. ఆమె అన్నిటికీ 1 అని చెప్పి ఉంటే నిష్పత్తి సున్నా వచ్చేది, ఆ జవాబుల్లో ఆలోచన లేకపోయినా సరే. ఇంకో చిక్కు కూడా ఉంది. జాబితాలో మూడో వ్యాపారిని చేర్చగానే పాత ఇద్దరి వరుస తారుమారు కావచ్చని బెల్టన్, గియర్ 1983లో చూపించారు. అందుకే పోటీలో ఎవరెవరున్నారో ముందే తేల్చుకుని, అప్పుడు కాగితం తీయడం మంచిది. వచ్చే ఏడాది కొత్త పంట వచ్చి రేట్లు మారితే వ్యాపారుల పోలికలు మళ్లీ చేయాలి. నాణ్యత, ధర, వేళల బరువులు మాత్రం, ఆమె మనసు మారనంత వరకు, అవే పనికొస్తాయి.