రెజ్యూమెలో మూడు వరుసలు: నోటీసు, వీసా, ఊరు మారడం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లల రెజ్యూమెలు దాతలైన మీ చేతికి తరచూ వస్తాయి. గల్ఫ్‌లోని మీ బంధువులకో, హైదరాబాద్‌లోని కంపెనీకో మీరే పంపిస్తారు. పంపే ముందు అందులో మూడు వరుసలు చూడమని కోరుతున్నాము. పని వచ్చినవాడిని కూడా ఇవి వెనక్కి నెట్టగలవు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోరుట్ల యువకుడు దుబాయిలో ఎలక్ట్రీషియన్. రెండేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్నాడు, అబుదాబిలో మరో కంపెనీకి దరఖాస్తు పెడుతున్నాడు. రెజ్యూమెలో "వెంటనే చేరగలను, వీసా ఉంది, ఎక్కడికైనా వస్తాను" అని రాశాడు. మూడూ అతనికి నష్టమే.

మొదటిది నోటీసు. 2022 ఫిబ్రవరి నుంచి అమలైన యుఎఇ కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ దాటినవాడు కాంట్రాక్టులో ఉన్నట్టు 30 నుంచి 90 రోజుల నోటీసు ఇవ్వాలి. "వెంటనే" అన్నది చదివిన యజమానికి రెండు అనుమానాలు వస్తాయి: ఉద్యోగం పోయిందా, లేక చెప్పకుండా వచ్చేస్తాడా? కాబట్టి కాంట్రాక్టు చూసి "నోటీసు: రాజీనామా ఇచ్చిన నాటి నుంచి 30 రోజులు" అని రాయాలి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వాలి. ఆఫర్ మార్చి 1న వచ్చి, ఆ రోజే రాజీనామా ఇస్తే, ఏప్రిల్ మొదటి రోజుల్లో చేరగలడు. ఇంటర్వ్యూలో కూడా ఇదే లెక్క చెప్పాలి.

రెండోది వీసా. "వీసా ఉంది" అంటే ఏ వీసా? విజిట్ వీసా మీద పని చేయడం నేరం. "ప్రస్తుత కంపెనీ ఎంప్లాయ్‌మెంట్ వీసా, ఫలానా నెల వరకు" అని రాస్తే కొత్త కంపెనీ తన పేరున వర్క్ పర్మిట్ తీసుకోవాలని వాళ్లకే అర్థమవుతుంది. వీసా నంబరు, పాస్‌పోర్ట్ నంబరు రెజ్యూమెలో వేయకూడదు. అది ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు.

ఇంకా ఇక్కడే ఉన్న పిల్లవాడు "వీసా లేదు" అని రాయనక్కర లేదు. "భారత పాస్‌పోర్ట్, ఇసిఎన్‌ఆర్, వర్క్ వీసా కంపెనీ ఇవ్వాలి" అంటే చాలు. పదో తరగతి పాసైనవారికి పాస్‌పోర్ట్ ఇసిఎన్‌ఆర్ వస్తుంది. ఇసిఆర్ అయితే గల్ఫ్ దేశాలకు వెళ్లే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పదు. ఆ సంగతి దాస్తే ప్రయాణం విమానాశ్రయంలోనే ఆగిపోవచ్చు.

మూడోది ఊరు మారడం. "ఎక్కడికైనా" అన్న మాట నమ్మకం కలిగించదు. "ప్రస్తుతం దుబాయి, అబుదాబి, షార్జాలకు మారగలను" అంటే ఆలోచించి రాశాడని తెలుస్తుంది. సిరిసిల్ల అడ్రసుతో హైదరాబాద్ ఉద్యోగానికి పెట్టేవారూ "హైదరాబాద్‌కు మారడానికి సిద్ధం, 15 రోజుల్లో" అని రాయాలి. లేకుంటే అడ్రసు చూసి రాడేమోనని పక్కన పెట్టేస్తారు.

ఈ మూడూ పేరు, ఫోన్ నంబరు కింద ఒక్కో వరుసలో ఉంటే చాలు, సంజాయిషీలు వద్దు. మీ దగ్గరికి వచ్చిన రెజ్యూమెలో ఇవి లేకుంటే పంపే ముందు ఆ పిల్లవాడికి ఫోన్ చేసి రాయించండి.